ప్రశ్నలోనే ఉన్న పదం జవాబులో ఎందుకు లేదు: నాలుగు చలరాశుల కే-మ్యాప్‌పై ఒక కేస్ స్టడీ

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి ముందు గదిలో కొన్నేళ్ళుగా సాయంత్రం పూట ఇంజనీరింగ్ విద్యార్థులకు డిజిటల్ లాజిక్ చెబుతున్నాను. పగటి పూట నా ఉద్యోగం చిప్ డిజైన్‌లో వెరిఫికేషన్ పని. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి పీజీల్లో ఉంటున్న తెలుగు పిల్లలే. మూడో సెమిస్టర్ చదువుతున్న ఒక అనంతపురం అమ్మాయి మొన్న తీసుకువచ్చిన అసైన్‌మెంట్‌లోని ఒక్క లెక్కను ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఆమె జవాబు తప్పు కాదు, పదహారు వరుసల ట్రూత్ టేబుల్‌తో అది పూర్తిగా సరిపోతుంది. అయినా దిద్దినవారు రెండు మార్కులు తగ్గించి, "కనిష్ఠం కాదు" అని మాత్రమే రాసి వదిలేశారు. ఎందుకు కాదో ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ప్రశ్న ఇది. కింది సమీకరణాన్ని నాలుగు చలరాశుల కే-మ్యాప్‌తో, ఒక్కో గుంపునూ విడిగా చూపిస్తూ, కనిష్ఠ సమ్-ఆఫ్-ప్రొడక్ట్స్ రూపానికి తీసుకురావాలి. A' అంటే A బార్ అని చదువుకోవాలి.

```
F = B'D' + A'BC'D' + A'B'CD + AB'C'D + ABCD'
```

ఆమె రాసిన జవాబు ఇది.

```
F = B'D' + A'C'D' + A'B'C + AB'C' + ACD'
```

"సార్, నాలుగు మూలలూ కలిపి ఒకే గుంపు కట్టాను, అంతకంటే పెద్ద గుంపు ఈ మ్యాప్‌లో లేదు కదా, మరి ఎక్కడ తగ్గించాలి?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనది. నాలుగు మూలల గుంపును చూడగలగడం కే-మ్యాప్ నేర్చుకునేవారికి కొంచెం కష్టమైన మెట్టు. ఆ మెట్టు ఎక్కిన విద్యార్థికి ఇక్కడ అదే గుంపు అడ్డం తగిలింది.

ముందుగా మ్యాప్ నింపడం చూద్దాం. B'D' అనే పదంలో A, C లేవు. కాబట్టి అవి రెండూ ఏ విలువ తీసుకున్నా, B, D రెండూ సున్నా అయితే చాలు. ABCDని ఇదే వరుసలో నాలుగు బిట్ల సంఖ్యగా చదివితే, ఆ పదం 0000, 0010, 1000, 1010 గడులను, అంటే 0, 2, 8, 10 మిన్‌టర్మ్‌లను నింపుతుంది. మిగతా నాలుగు పదాల్లో నాలుగు అక్షరాలూ ఉన్నాయి గనుక ఒక్కొక్కటి ఒక్కో గడినే నింపుతుంది: A'BC'D' అంటే 4, A'B'CD అంటే 3, AB'C'D అంటే 9, ABCD' అంటే 14. మొత్తం ఎనిమిది ఒకట్లు.

ఆమె రఫ్ కాగితం కూడా నేను అడిగి చూశాను, ఎందుకంటే ఫెయిర్ చేసిన కాగితంలో తప్పు పుట్టిన చోటు కనిపించదు. మొదటి ప్రయత్నంలో ఆమె అడ్డువరుసలకు 00, 01, 10, 11 అని మామూలు లెక్క క్రమంలో పేర్లు పెట్టింది. అప్పుడు మొదటి నిలువు వరుసలో 0, 4, 8 గడులు ఒకదాని కింద ఒకటి పడి, 4, 8 పక్కపక్కవే అన్నట్టు కనిపించాయి. ఆ రెంటినీ కలిపి C'D' అని రాసి, ఏదో తేడాగా ఉందని తనే కొట్టేసింది. తేడా ఎలా పసిగట్టావని అడిగితే, రెండు గడుల గుంపుకు మూడు అక్షరాలు మిగలాలి కదా, రెండే మిగిలాయి సార్ అంది. ఈ ఒక్క పరీక్ష చేతిలో ఉంటే క్రమం తప్పిన మ్యాప్ చాలావరకు తనంతట తానే బయటపడుతుంది. నాలుగు చలరాశుల మ్యాప్‌లో రెండు గడుల గుంపుకు మూడు అక్షరాలు, నాలుగు గడుల గుంపుకు రెండు, ఎనిమిది గడుల గుంపుకు ఒకటి మిగలాలి. 4 అంటే 0100, 8 అంటే 1000. వీటి మధ్య A, B రెండూ మారాయి గనుక అవి పక్క గడులు కావు. పైగా C'D' అని రాస్తే అది సున్నా ఉన్న 12వ గడిని కూడా ఒకటి చేసేస్తుంది.

సరైన క్రమం 00, 01, 11, 10. ఇందులో ఒక వరుస నుంచి పక్క వరుసకు జరిగినప్పుడల్లా ఒక్క బిట్టే మారుతుంది. 1953లో మారిస్ కార్నో ఈ పటాన్ని ప్రతిపాదించిన నాటి నుంచి దీని బలమంతా ఈ క్రమంలోనే ఉంది. ఆ క్రమంలో మన మ్యాప్ ఇలా ఉంటుంది.

```
AB\CD   00   01   11   10
 00      1    0    1    1     (0  1  3  2)
 01      1    0    0    0     (4  5  7  6)
 11      0    0    0    1     (12 13 15 14)
 10      1    1    0    1     (8  9  11 10)
```

కుడివైపు కుండలీకరణాల్లో ఉన్నవి ఆయా గడుల సంఖ్యలు. మూడో నిలువు వరుసలో 3 ముందు, నాలుగో దానిలో 2 తరువాత వస్తాయి. అలాగే 12 ఉన్న అడ్డువరుస 8 ఉన్న వరుసకు పైన వస్తుంది. తొందరలో ఒకట్లు నింపేటప్పుడు ఎక్కువమంది జారేది ఈ రెండు చోట్లే.

ఇప్పుడు గుంపులు. ఈ పటాన్ని చాపలా ఊహించుకోవాలి. అడ్డంగా చుడితే ఎడమ అంచు కుడి అంచును తాకుతుంది, నిలువుగా చుడితే పై అంచు కింది అంచును తాకుతుంది. ఆ రెండూ జరిగినట్టు భావిస్తే 0, 2, 8, 10 అనే నాలుగు మూలలూ ఒకే చోట చేరి చతురస్రంగా కూర్చుంటాయి. ఆ గుంపులో A, C మారుతున్నాయి, B, D సున్నాగా నిలిచి ఉన్నాయి, అందుకే దాని పేరు B'D'. ఆమె ముందుగా చుట్టింది దీన్నే. పెద్ద గుంపు నుంచి మొదలుపెట్టి చిన్నవాటికి దిగాలన్నది క్లాసులో చెప్పిన పద్ధతి. పైగా B'D' ప్రశ్నలోనే మొదటి పదంగా ఉంది గనుక అది జవాబులో ఉండి తీరుతుందని ఆమె నమ్మింది.

నేను ఆ మ్యాప్‌నే మళ్ళీ తెల్ల కాగితం మీద వేయించి, ఈసారి పెద్ద గుంపు నుంచి కాకుండా ఒంటరి ఒకటి నుంచి మొదలుపెట్టమన్నాను. ఒంటరి ఒకటి అంటే పక్కన తోడు తక్కువగా ఉన్న ఒకటి. ఏ గడికైనా నాలుగు పక్క గడులుంటాయి, ఎందుకంటే నాలుగు బిట్లలో ఒక్కోదాన్ని తిప్పితే ఒక్కో పక్క గడి వస్తుంది. ఇది బొమ్మలో కళ్ళతో వెతకడం కంటే సంఖ్యలో బిట్లు తిప్పి చూడడం నయం, ఎందుకంటే అంచుల దగ్గర కన్ను మోసపోతుంది.

4వ గడి 0100. దాని నాలుగు బిట్లను ఒక్కోటిగా తిప్పితే 1100, 0000, 0110, 0101 వస్తాయి, అంటే 12, 0, 6, 5. వీటిలో ఒకటి ఉన్నది 0లో మాత్రమే. కాబట్టి 4ను ఏ గుంపులో చేర్చాలన్నా 0తో జతకట్టడం తప్ప వేరే దారి లేదు, ఆ జత అంతకంటే పెరగదు కూడా. 0000, 0100 మధ్య B మాత్రమే మారింది, మిగిలిన A, C, D సున్నాలు. గుంపు పేరు A'C'D'.

3వ గడి 0011. దాని పక్కవి 11, 7, 1, 2. వీటిలో 2 ఒక్కటే ఒకటి. 0011, 0010 మధ్య D మారింది, A'B'C మిగిలింది.

9వ గడి 1001. పక్కవి 1, 13, 11, 8. తోడు 8 మాత్రమే. D మారింది, AB'C' మిగిలింది.

14వ గడి 1110. పక్కవి 6, 10, 12, 15. తోడు 10 మాత్రమే. 1010, 1110 మధ్య B మారింది, ACD' మిగిలింది. ఈ జత నాలుగో నిలువు వరుసలో కింది రెండు గడులు.

ఇక్కడ ఆమెను ఆపి, ఇంకా గుంపు కట్టని ఒకటి ఏదైనా మిగిలిందా చూడమన్నాను. పెన్సిల్‌తో ఒక్కో ఒకటి మీదా చుక్క పెట్టుకుంటూ వెళ్ళింది. 0, 4 మొదటి జతలో, 2, 3 రెండో జతలో, 8, 9 మూడో జతలో, 10, 14 నాలుగో జతలో ఉన్నాయి. ఎనిమిది చుక్కలూ పడ్డాయి, మూలలు ఇంకా చుట్టనే లేదు. కొంచెం సేపు కాగితం వైపే చూసి, "అయితే మూలల గుంపు ఎవరికోసం సార్?" అంది. ఈ లెక్కలో అడగవలసిన అసలు ప్రశ్న అదే. మూలల్లోని నాలుగు ఒకట్లలో ప్రతిదాన్నీ ఏదో ఒక జత అప్పటికే లాక్కుపోయింది, ఆ గుంపు కొత్తగా కప్పే గడి ఒక్కటీ లేదు. అందువల్ల జవాబు ఇది.

```
F = A'C'D' + A'B'C + AB'C' + ACD'
```

దీనికంటే తక్కువ పదాలతో రాయడం కుదరదని కూడా చూపించాలి, లేకపోతే "కనిష్ఠం" అన్న మాటకు ఆధారం ఉండదు. 4, 3, 9, 14 అనే నాలుగు గడులకూ ఒక్కొక్క దానికి ఒకే జత సాధ్యం, ఆ నాలుగు జతలూ వేర్వేరు. ఏ రెంటినీ కలిపి కప్పగల గుంపు లేదు గనుక కనీసం నాలుగు పదాలు కావాలి. ఒక్కో పదంలో మూడు అక్షరాలకంటే తగ్గించలేము, ఎందుకంటే ఆ జతలు ఇక పెరగవు. ఇలా ఒక గడిని కప్పడానికి ఏకైక దారిగా నిలిచే పెద్ద గుంపును ఎసెన్షియల్ ప్రైమ్ ఇంప్లికెంట్ అంటారు. మూలల గుంపు కూడా ప్రైమ్ ఇంప్లికెంటే, ఇక పెంచలేని గుంపే, కానీ ఎసెన్షియల్ కాదు. "పెద్దవి ముందు" అన్న సూత్రం ప్రతి గుంపునూ వీలైనంత పెద్దది చేయమని చెబుతుంది. ఏ గుంపులను ఎంచుకోవాలో అది చెప్పదు. ఈ రెంటినీ ఒకటిగా బోధించడం వల్లే పిల్లలు ఈ గుంటలో పడుతున్నారని నా అభిప్రాయం.

ప్రశ్నలో ఇచ్చిన రూపంలో 18 అక్షరాలున్నాయి, ఆమె జవాబులో 14, కనిష్ఠ రూపంలో 12. ప్రశ్నలోని మొదటి పదం జవాబులో లేకపోవడం ఆమెకు అన్నిటికంటే వింతగా అనిపించింది. అయితే ప్రశ్నలోని పదాలు మ్యాప్‌లో ఒకట్లు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి మాత్రమే ఉన్నాయి. ఒకట్లు పడ్డాక ఏ ఒకటి ఏ పదం నుంచి వచ్చిందో మ్యాప్ గుర్తుంచుకోదు.

జవాబు సరిచూసుకోవడానికి ఆమె ల్యాప్‌టాప్‌లో ఈ చిన్న పైథాన్ కోడ్ నడిపించాం.

```
ones = []
for n in range(16):
    A, B, C, D = [(n >> k) & 1 for k in (3, 2, 1, 0)]
    if ((not A and not C and not D) or (not A and not B and C)
        or (A and not B and not C) or (A and C and not D)):
        ones.append(n)
print(ones)
```

తెర మీద `[0, 2, 3, 4, 8, 9, 10, 14]` అని వచ్చింది, మన ఎనిమిది ఒకట్లూ అవే. కానీ ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. ఆమె పాత అయిదు పదాల జవాబును పెట్టినా సరిగ్గా ఇదే జాబితా వస్తుంది. జవాబు సమానమా కాదా అన్నది కోడ్ చెప్పగలదు గానీ, కనిష్ఠమా కాదా అన్నది పైన చేసినట్టు ఒంటరి గడుల వాదంతోనే తేలుతుంది.

తరువాతి శనివారం ఎస్.పి. రోడ్డులో ఐసీలు కొనుక్కొచ్చి బ్రెడ్‌బోర్డు మీద రెండు రూపాలూ కట్టాం. నాలుగు పదాల రూపానికి విలోమాల కోసం ఒక 74LS04, మూడు ఇన్‌పుట్ల ఆండ్ గేట్ల కోసం రెండు 74LS11లు, పదాలను కలపడానికి ఒక 74LS32 సరిపోయాయి. ఒక్కో 74LS11లో మూడే గేట్లు ఉంటాయి గనుక నాలుగు పదాలకు రెండు ఐసీలు కావాలి, అప్పుడు రెండు గేట్లు ఖాళీగా మిగులుతాయి. 74LS32లోనూ నాలుగు ఆర్ గేట్లలో మూడే వాడుకున్నాం. అంటే ఈ కట్టుబడిలో అయిదో పదం చేర్చినా కొత్త ఐసీ అక్కరలేదు. ఖాళీ ఆండ్ గేటుకు B', D' ఇచ్చి మూడో ఇన్‌పుట్‌ను 5 వోల్టులకు కట్టేస్తే చాలు. అదే లెక్కను నాండ్ గేట్లతో కడితే కథ మారుతుంది. చివరి మెట్టులో నాలుగు పదాలకు 74LS20లోని ఒక నాలుగు ఇన్‌పుట్ల గేటు సరిపోతుంది గానీ, అయిదో పదం వస్తే ఎనిమిది ఇన్‌పుట్ల 74LS30కి మారాలి. అక్కరలేని గుంపు ఖరీదు ఎంత అన్నది చేతిలో ఉన్న గేట్లను బట్టి ఉంటుందని ఆమె స్వయంగా లెక్కపెట్టి చూసుకుంది.

ఎల్ఈడీ మీద రెండు సర్క్యూట్ల మధ్య ఏ తేడా కనిపించలేదు. నేను ఆమెకు చూపించాలనుకున్నది ఆసిలోస్కోపు మీద ఉంది. A, B, D మూడింటినీ సున్నాకు కట్టి, Cకి 100 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగం ఇచ్చాం. మ్యాప్ ప్రకారం ఇది 0వ గడి, 2వ గడి మధ్య అటూ ఇటూ తిరగడం. రెండు చోట్లా ఒకటే ఉంది గనుక F కదలకుండా ఒకటిగానే ఉండాలి. నాలుగు పదాల సర్క్యూట్‌లో C పైనుంచి కిందికి దిగిన ప్రతిసారీ F గీత నుంచి కిందికి ఒక సన్నని ముల్లులాంటి గుర్తు కనిపించింది. C పైకి లేచినప్పుడు మాత్రం ఏమీ లేదు.

కారణం ఇది. C ఒకటిగా ఉన్నప్పుడు Fను నిలబెట్టేది A'B'C, సున్నాగా ఉన్నప్పుడు A'C'D'. C దిగగానే మొదటి పదం వెంటనే ఆరిపోతుంది. రెండో పదం వెలగాలంటే ముందు C' తయారవ్వాలి, దానికి ఇన్వర్టర్‌లో దాదాపు 10 నానోసెకన్లు పడుతుంది. ఆ మధ్య కాలంలో Fను పట్టుకునేవారు ఎవరూ లేరు. C లేచేటప్పుడు ఇదే ఆలస్యం మేలు చేస్తుంది, పాత పదం ఆరకముందే కొత్తది వెలుగుతుంది. ముల్లు మరీ సన్నగా ఉందని, 74LS04లో వాడకుండా మిగిలిన రెండు ఇన్వర్టర్లనూ C' దారిలోనే వరుసగా కలిపి, మూడు విలోమాల మీదుగా పంపాం. ముల్లు దాదాపు మూడింతలు వెడల్పయి తేటగా కనిపించింది. ఆ తరువాత B'D' పదాన్ని చేర్చగానే మాయమైంది. B, D సున్నాగా ఉన్నంతసేపూ ఆ పదం ఒకటిగా నిలిచే ఉంటుంది, C ఎన్నిసార్లు మారినా దానికి సంబంధం లేదు.

దీన్ని స్టాటిక్-1 హజార్డ్ అంటారు, మ్యాప్ మీదే దాన్ని ముందుగా కనిపెట్టవచ్చు. పక్కపక్కనున్న రెండు ఒకట్లు ఒకే గుంపులో లేకపోతే, ఆ రెండు గడుల మధ్య సరిహద్దు దాటేటప్పుడు ఇలాంటి ముల్లు వచ్చే వీలుంది. మన మ్యాప్‌లో పక్కపక్క ఒకట్ల జంటలు మొత్తం ఎనిమిది. నాలుగు మన జతల లోపలే ఉన్నాయి. మిగిలిన నాలుగు 0-2, 0-8, 2-10, 8-10, అంటే సరిగ్గా మూలల చతురస్రపు నాలుగు అంచులు. కొత్త ఒకటిని ఒక్కటీ కప్పని ఆ గుంపు ఈ నాలుగు సరిహద్దులనూ ఒంటిచేత్తో కప్పుతుంది. F వెళ్ళి ఏదైనా ఫ్లిప్-ఫ్లాప్ క్లాక్‌కో, అసింక్రనస్ రీసెట్‌కో తగిలితే ఆ పదాన్ని నేనైతే తీయను. F ఫ్లిప్-ఫ్లాప్ డేటా ఇన్‌పుట్‌కే వెళ్ళి, క్లాక్ అంచు వచ్చేసరికి స్థిరపడే సింక్రనస్ సర్క్యూట్ అయితే దాన్ని ఉంచి లాభం లేదు.

అసైన్‌మెంట్ అడిగింది కనిష్ఠ రూపమే గనుక నాలుగు పదాల జవాబే సరైనది, మార్కులు తగ్గించడంలోనూ తప్పు లేదు. ఆమె ఆ పేజీని మళ్ళీ రాసింది. ఈసారి ముందు 4, 3, 9, 14 గడుల చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఒక్కోదాని పక్కన దాని ఏకైక తోడు సంఖ్య రాసి, ఆ తరువాతే జతలు చుట్టింది. నాలుగు మూలలను చుక్కల గీతతో కలిపి, దాని పక్కన "ప్రైమ్ ఇంప్లికెంట్, ఎసెన్షియల్ కాదు, హజార్డ్ తీయాలంటే మాత్రమే కలపాలి" అని ఒక వరుస రాసి, కాగితం సంచిలో పెట్టుకుంది.